నాలుగు వందల నలభై తక్కువ

మా వీధిలో ఆవిడ అసలు పేరు బ్యాంకువాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. నాడా కట్టిన కత్తెర ఎప్పుడూ మెడలో వేలాడుతూ ఉంటుంది కాబట్టి చిన్నాపెద్దా అందరికీ కత్తెరక్కే. వయసులో నాకంటే పదేళ్లు చిన్నది కాబట్టి నన్ను బాబాయ్ అంటుంది. నాది వాళ్లకు ఎదురు షాపు. జిరాక్సులు, లామినేషన్లు, ఆన్‌లైన్ ఫారాలు నింపడం, అడిగినవాళ్లకు బ్యాంకు మెసేజ్‌లు చదివి చెప్పడం నా పని. చివరిదానికి డబ్బులు తీసుకోను. అందుకే దానికే ఎక్కువమంది వస్తారు.

కత్తెరక్క పనితనం ముందు చెప్పాలి, గుణం తర్వాత. చొక్కా చేతికివ్వగానే ఆ మనిషి బ్యాగు ఏ భుజానికి వేసుకుంటాడో చెప్పేస్తుంది. చిరిగిన ప్యాంటు ఇస్తే, చిరుగు ఎక్కడుందో మర్నాడు మనమే వెతుక్కోవాలి. కొలతలు పుస్తకంలో రాయదు. "పోయిన ఏడాది కంటే నడుం రెండించులు పెరిగింది, అన్నయ్యా. సుఖపడుతున్నట్టున్నావ్" అని మొహం మీదే అనేస్తుంది. ఆ మాట పడటానికే కొందరు వస్తారని నా అనుమానం. పదిహేనేళ్లుగా ఆ షాపు ముందు గల్లా ఆవిడదే, కుర్చీ ఆవిడదే, మాటా ఆవిడదే.

ఆరేళ్ల క్రితం మరిదికి పెళ్లయి తోటికోడలు వచ్చింది. నెమ్మదైన పిల్ల. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి కత్తెరక్కే నేర్పింది. అన్నదమ్ములిద్దరూ ఒకే గోదాములో వేరువేరు షిఫ్టుల్లో పనిచేస్తారు కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు పడుకునే ఉంటారు. తోటికోడళ్లు పొద్దున్నే తలుపు దగ్గరగా వేసి షాపుకొచ్చేస్తారు. నేను దాన్ని చిన్నది అంటాను, ఇప్పుడూ అలాగే అంటాను.

ఏడాదిన్నర క్రితం ఆ షాపులోకి ఎంబ్రాయిడరీ మిషన్ దిగింది. మంచమంత ఉంటుంది. దానికి పన్నెండు సూదులు, పన్నెండు రంగుల దారాలు. కంప్యూటర్లో బొమ్మ పెడితే అదే కుట్టుకుంటూ పోతుంది. నడపడం నేర్చుకోవడానికి చిన్నది రెండు నెలలు ఎక్కడికో వెళ్లివచ్చింది. బిల్లు దాని పేరు మీద, అప్పు కూడా దాని పేరు మీదే. అయితే అప్పిచ్చే కంపెనీవాళ్లు తోడు ఇంకొకరి సంతకం కావాలన్నారు. ఆ కాగితాలన్నీ జిరాక్సు తీసింది నేనే. కంపెనీ ఏజెంటు నా బల్ల మీదే వాటిని పరిచి, వేలు పెట్టిన చోటల్లా కత్తెరక్క చేత సంతకం పెట్టించాడు. ఆవిడ చదవలేదు. చిన్నది అసలే చదవలేదు. అది ఏ కాగితమైనా అక్క వేలు పెట్టిన చోట సంతకం పెట్టేసి, "అయిపోయిందా అక్కా?" అని లేచిపోయే రకం. బ్యాంకు విషయాలన్నీ అక్కవే. షాపు ఖాతా ఇద్దరి పేరు మీద ఉన్నా, మెసేజ్‌లు వచ్చేది అక్క ఫోనుకే. నెలనెలా అయిదో తారీఖున ఆ ఖాతాలోంచి కంపెనీవాళ్లు వాయిదా పద్దెనిమిది వేల నాలుగు వందలు వాళ్లంతట వాళ్లే తీసుకునేట్టు రాసిచ్చారు. నెలాఖరున మిగిలింది చెరిసగం.

మిషన్ వచ్చిన రోజు నుంచే కత్తెరక్కకు కడుపుమంట మొదలైంది. నేను ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నాను కదా. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆవిణ్ని దాటుకుని లోపలికి పోయి, మిషన్ ముందు నోరు తెరుచుకుని నిలబడేవారు. సూదులు టకటకమని ఆడుతుంటే పక్షి బొమ్మకు రెక్క మొలిచేది. "అబ్బ! ఎంత బాగుందో!" అనేవారు. ఆవిడ ముందు కుర్చీలో ప్యాంటు కింద మడత కుడుతూ ఉండేది. ప్యాంటు మడతను చూసి అబ్బ అన్నవాణ్ని నేను పుట్టి ఎరగను.

స్కూలు గుమాస్తా ఆరువందల బ్యాడ్జీల ఆర్డరు పట్టుకొచ్చి, "ఆ మిషన్ ఆవిడ ఎక్కడ?" అని కత్తెరక్కనే అడిగాడు. పోతూపోతూ సంచిలోంచి తన చిరిగిన చొక్కా తీసి, "ఇది కూడా ఓసారి చూడు" అని ఆవిడ ఒళ్లో పడేసి వెళ్లాడు.

అసలు కోత ఇంకొకటి ఉంది. ఒకామె పాత కోటు తెచ్చింది, జేబు దగ్గర ఎలుక కొట్టింది. కత్తెరక్క మూడు రోజులు కూర్చుని, అదే నేతలో దారం దారం అల్లి ఆ కన్నం పూడ్చింది. ఆమె వచ్చి వేలితో తడిమి చూసి, "మీ మిషన్ ఎంత గొప్పదండీ! చేత్తో కుట్టినట్టే ఉంది" అంది.

లోపల్నుంచి చిన్నది మోతలో ఏమీ వినపడక నవ్వింది. కత్తెరక్క నవ్వలేదు. నా దగ్గరికొచ్చి స్టూలు మీద కూర్చుని, "చూశావా బాబాయ్, నా చేతులు కూడా దాని ఖాతాలోకే పోయాయి" అంది.

వీధి చివర ఒక చిన్న గది ఖాళీ అయింది. ఒక కుర్చీ, ఒక కుట్టుమిషన్, ఒక అద్దం పడతాయి. ఆ గదిని చూసొచ్చిన రోజు కత్తెరక్క మొహం మళ్లీ కొంచెం వెలిగింది. అక్కడ ఎవరి బొమ్మలూ ఉండవు, ఎవరి మోతా ఉండదు. బయట బోర్డు మీద తన పేరు ఉంటుంది. అడ్వాన్సుకూ కొత్త కుట్టుమిషన్‌కూ కలిపి లక్షన్నర అప్పు కావాలి. ఇంటి దగ్గరి బ్యాంకుకు ఒక్కతే వెళ్లి అడిగి వచ్చింది. అక్కడి అధికారి, "మీ సొంత ఖాతాలో రాబడి కనపడటం లేదమ్మా. రెండు మూడు నెలలు క్రమంగా డబ్బు వస్తున్నట్టు చూపించండి, ఇద్దాం" అన్నాడట.

మర్నాడే తన సొంత ఖాతా క్యూఆర్ కోడ్ పట్టుకుని నా షాపుకొచ్చింది. "బాబాయ్, మా గల్లా మీదున్న కోడ్ ఎంత ఉందో ఇదీ అంతే సైజులో తీసి లామినేషన్ చెయ్యి. వెనక రెండువైపులా అంటుకునే టేపు కూడా వెయ్యి."

సరిగ్గా అంతే సైజులో ఎందుకని నేను అడగలేదు. చేసిచ్చి ముప్పై తీసుకున్నాను. ఆవిడ వెళ్లి దాన్ని షాపు కోడ్ మీద అతికించేసింది. దారం తెంపినంత సేపు పట్టలేదు. గల్లా పక్కన 'ఇంత అందింది' అని అరిచే స్పీకరు డబ్బా ఉంటుంది. అది షాపు ఖాతాలో పడితేనే అరుస్తుంది. దాని వైరు పీకి, "పాడైంది, కొత్తది పంపిస్తామన్నారు" అని చిన్నదానికి చెప్పింది.

ఆవిడ న్యాయం ఆవిడకు ఉంది. ఆ తర్వాత నాతో అంది కూడా. "గల్లా దగ్గర ఇచ్చేదంతా ప్యాంట్లూ చొక్కాలే కదా బాబాయ్? అది నా చెమట. బ్యాడ్జీల డబ్బు స్కూళ్లు నేరుగా షాపు ఖాతాలో వేస్తాయి, అది దాని మిషన్ డబ్బు. దాని మిషన్ అప్పు దాని డబ్బుతోనే తీరనీ." వినడానికి బాగానే ఉంది. అద్దె ఎవరి చెమట, కరెంటు ఎవరి చెమట అని నేను అడగొచ్చు. అడగలేదు. నిజం చెప్పేస్తాను, దాచుకుంటే లోపల కుళ్లుతుంది. ఆ మిషన్ వచ్చాక ఎదురు షాపు జాతరలా ఉండేది, నా జిరాక్సు యంత్రం మీద దుమ్ము పేరుకునేది. అందరూ ఫోన్లోనే కాగితాలు పంపుకుంటున్నారు, నాకెవడు వస్తాడు? వాళ్లను చూసి నేనూ కళ్లలో నిప్పులు పోసుకున్నాను. వాళ్లింటి గొడవ వాళ్లే చూసుకుంటారులే, మనకెందుకు అనుకున్నాను.

మొదటి నెల పాత నిల్వ ఉంది కాబట్టి వాయిదా వెళ్లిపోయింది. రెండో నెలలో స్కూళ్లకు సెలవులు. బ్యాడ్జీలు లేవు. చిన్నది అప్పటికే రాబోయే ఆర్డర్లకు దారాలు, బట్ట కొని పెట్టింది.

నాలుగో తారీఖు సాయంత్రం కత్తెరక్క ఫోను పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. రేపు ఖాతాలోంచి పద్దెనిమిది వేల నాలుగు వందలు తీసుకుంటామని, సరిపడా డబ్బు ఉంచమని కంపెనీవాళ్ల మెసేజ్. షాపు ఖాతాలో ఉన్నది పదిహేడు వేల తొమ్మిది వందల అరవై. తక్కువైంది నాలుగు వందల నలభై. ఆవిడ సొంత ఖాతాలో ఆ వేళకు నలభై ఒక్క వేలు ఉన్నాయి, అది కూడా చూపించింది.

"నాలుగొందల నలభై అటు పంపెయ్యి, అయిపోతుంది కదా" అన్నాను.

ఆవిడ పంపలేదు. వేలు స్క్రీను మీద పెట్టి అలాగే ఉంది. "ఉన్నంతవరకు తీసుకుని మిగతాది తర్వాత తీసుకుంటారా?"

"లేదు. పూర్తిగా ఉంటే తీసుకుంటారు, ఒక్కటి తగ్గినా మొత్తం వెనక్కి పోతుంది. అటు కంపెనీ, ఇటు బ్యాంకు, ఇద్దరూ చార్జీ వేస్తారు."

"అది ఎవరి పేరు మీద పడుతుంది బాబాయ్?"

నేను అప్పుడు ఎవరిదో ఆధార్ కార్డు స్కాన్ చేస్తున్నాను. తలెత్తకుండానే, "లోన్ ఎవరి పేరు మీదుంటే వాళ్ల మీద" అన్నాను. పెద్ద తెలిసినవాడిలాగా. ఆ కాగితాలు జిరాక్సు తీసిన వేళ్లు ఇవే. రెండో సంతకం ఎవరిదో ఈ కళ్లే చూశాయి. సగం తెలిసినవాడి మాట ఏమీ తెలియనివాడి మాటకంటే ప్రమాదం.

ఆవిడ ఫోను రవికలో పెట్టుకుంది. "అయితే పడనీ" అంది. "ఒక్కసారి దాని పేరు కూడా చెడనీ. అబ్బ అనేవాళ్లంతా అప్పుడు కూడా అంటారేమో చూద్దాం."

అయిదో తారీఖు పొద్దున్నే వాయిదా వెనక్కి పోయింది. షాపు ఖాతా ఉన్న బ్యాంకు, పన్నుతో కలిపి, అయిదువందల తొంభై కోసేసింది. కంపెనీ తన వంతు బౌన్సు చార్జీ ఇంకో అయిదువందల తొంభై బాకీలో రాసుకుంది. కట్టని వాయిదా మీద రోజుకు పన్నెండు రూపాయల చిల్లర చొప్పున జరిమానా మొదలైంది. ఆ మెసేజ్‌లన్నీ కత్తెరక్క ఫోనులో పడుతూనే ఉన్నాయి.

ఆరో తారీఖున కంపెనీవాళ్లు చిన్నదానికి ఫోన్ చేశారు. అది మిషన్ ఆపకుండానే ఫోను తెచ్చి అక్క చేతిలో పెట్టింది. "అక్కా, బ్యాంకువాళ్లట, నువ్వే మాట్లాడు" అని లోపలికి పోయింది. అలా ఏ అనుమానమూ లేకుండా ఇచ్చి పోవడమే ఆవిణ్ని ఇంకా మండించింది. ఆ సంగతి ఆవిడే నాకు తర్వాత చెప్పింది. "అది కాస్త గట్టిగా, ఏమైంది అక్కా అని అడిగినా కట్టేసేదాన్ని బాబాయ్. చూస్తాలే అన్నాను. సరేనంది. అంతే."

పదో తారీఖున షాపు అద్దె అదే ఖాతాలోంచి వెళ్లింది. పన్నెండున కంపెనీ మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ వెనక్కి పోయింది. మళ్లీ అటు అయిదువందల తొంభై, ఇటు అయిదువందల తొంభై.

పదమూడున చిన్నది స్పీకరు డబ్బా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "బాబాయ్, రెండు నెలలైంది, కొత్తది రాలేదు. ఇది ఏమైనా బాగవుతుందేమో చూస్తావా?" నేను వైరు పెట్టాను. డబ్బా శుభ్రంగా లేచి, సిద్ధంగా ఉన్నానంది. అది వినపడకముందే చిన్నది వీధి దాటేసింది, దాని పని దానికుంది. పిలిచి చెప్పొచ్చు. అప్పుడే చెప్పి ఉంటే పదిహేనుకు ముందే కట్టేసేవారు. నేను వైరు పీకి డబ్బాను అల్మరాలో పెట్టాను. నా పాపం అది, దానికి ఇంకెవరినీ అనను.

పదహారో తారీఖు పొద్దున వసూళ్ల మనిషి షాపుకే వచ్చాడు. అరవలేదు, మర్యాదగానే ఉన్నాడు. "ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా లేటు లేదు మేడమ్. ఇప్పుడు రెండుసార్లు బౌన్సయింది. ఫోన్ చేస్తే చూస్తామన్నారు. ఏమైనా కష్టమా?"

చిన్నది మిషన్ ఆపేసింది. ఆ మోత ఆగితే వీధంతా తల తిప్పి చూసింది. "బౌన్సేంటక్కా?"

"స్కూళ్ల డబ్బు రాలేదు. తక్కువైంది" అంది కత్తెరక్క, చేతిలో బట్ట వదలకుండా.

చిన్నది వసూళ్ల మనిషిని వెంటబెట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది, లింకులో కట్టడం దానికి రాదు. వాయిదా పద్దెనిమిది వేల నాలుగు వందలు, రెండు బౌన్సు చార్జీలు పదకొండు వందల ఎనభై, పదకొండు రోజుల జరిమానా నూట ముప్పై అయిదు. మొత్తం పంతొమ్మిది వేల ఏడు వందల పదిహేను. దాని సొంత ఖాతాలో ఉన్నది ఇరవై వేల చిల్లర. కొంచెం కొంచెంగా కూడబెట్టుకున్నది. ఊడ్చి కట్టేసింది. కత్తెరక్క గుమ్మంలో నిలబడి చూసింది. నలభై వేలు పైగా ఆవిడ రవికలోని ఫోనులో ఉన్నాయి.

"ఇక పేరేమీ చెడదు కదండీ?" అని చిన్నది అడిగింది.

వసూళ్ల మనిషి తల గోక్కున్నాడు. "నెలకు రెండుసార్లు, పదిహేనునా నెలాఖరునా ఉన్నది ఉన్నట్టు రిపోర్టు పోతుంది మేడమ్. పదిహేనులోపు కట్టి ఉంటే సరిపోయేది. నిన్నటి లెక్కలో పది రోజుల బాకీ పోయింది."

అంటే నాలుగు వందల నలభై పంపకపోవడం వల్ల అటూ ఇటూ కలిపి రెండు వేల నాలుగు వందల తొంభై అయిదు పోయింది. మీద మచ్చ ఒకటి. ఆ పూట కత్తెరక్క మాత్రం, చెప్పకూడదు గానీ, కొంచెం తేలికపడింది. స్కూలు గుమాస్తా వచ్చినప్పుడు ఆవిడే పనిగట్టుకుని, "మా మిషన్ ఆవిడ వాయిదా తప్పింది" అని చెప్పింది. ఆ గుమాస్తా, "అందరికీ ఉండేవేలే" అని లోపలికి పోయి బొమ్మలు చూసుకున్నాడు.

నెలాఖరు దాటాక కత్తెరక్క తన అప్పు కోసం బ్యాంకుకు వెళ్లింది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, మెడలో కత్తెర తీసి వెళ్లింది. నేను ఆవిణ్ని కత్తెర లేకుండా చూడటం అదే మొదలు. రెండు గంటల్లో తిరిగొచ్చింది. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, "నా క్రెడిట్ రిపోర్టు తియ్యి బాబాయ్" అంది.

తీశాను. అందులో ఆవిడ పేరు మీద అప్పు ఒకటే ఉంది. ఎంబ్రాయిడరీ మిషన్ అప్పు. పక్కన 'సహ రుణగ్రహీత' అని ఉంది. నెలల గళ్లన్నీ సున్నాలు, చివరి గడిలో మాత్రం పది. స్కోరు ఏడువందల అరవై ఎనిమిది నుంచి ఏడువందల ఒకటికి దిగింది.

"ఇది దానిది కదా? దాని అప్పు నా కాగితంలోకి ఎందుకొచ్చింది?"

"సంతకం నీది కూడా కదమ్మా. తోడు సంతకం అంటే అప్పు ఇద్దరిదీ. బాగా కడితే ఇద్దరికీ పేరు, తప్పితే ఇద్దరికీ మచ్చ."

"లోన్ ఎవరి పేరు మీదుంటే వాళ్ల మీద అన్నావు."

"అన్నాను" అన్నాను.

బ్యాంకు అధికారి ఖాతాలో రాబడి చూసి బాగుందన్నాడట. రిపోర్టు తెరిచి మూసేశాడట. "కొత్త బాకీ కనపడుతోందమ్మా. ఈ మచ్చ మూడేళ్లు కనపడుతూనే ఉంటుంది గానీ, ఒక ఏడాది తప్పకుండా కట్టి చూపించండి. అప్పుడు చూద్దాం." వీధి చివరి గది ఏడాది ఆగుతుందా? దాని ఓనరు అప్పటికే ఇంకో ఇద్దరితో మాట్లాడుతున్నాడు. ఎదుటివాడికి అపశకునం చెయ్యాలని ముక్కు కోసుకున్నట్టయింది ఆవిడ పని. అది మొహం మీద అనే ధైర్యం నాకు లేదు.

సరిగ్గా అప్పుడే చిన్నది డబ్బా కోసం వచ్చింది. "బాబాయ్, అయిందా?"

నేను కత్తెరక్క వైపు చూశాను. ఆవిడ గోడ వైపు చూసింది. ఇంక నా వల్ల కాలేదు. డబ్బాకు వైరు పెట్టి దాని చేతికిచ్చాను. "బాగానే ఉందమ్మా, ఎప్పుడూ బాగానే ఉంది. వెళ్లి మీ గల్లా మీద కోడ్‌కు ఒక్క రూపాయి పంపించి చూడు."

అది వెళ్లింది. కోడ్ ముందు ఫోను పెట్టి పంపింది. డబ్బా పలకలేదు. ఫోను దగ్గరగా పెట్టుకుని చదివింది. అది అంత శ్రద్ధగా ఏదైనా చదవడం నేను అంతకుముందు చూడలేదు. తర్వాత గోటితో అంచు లేపి కోడ్ పీకింది. కింద పాతది బయటపడింది. పీకినదాన్ని పట్టుకుని వీధి దాటి వచ్చింది.

"ఇది నీ పేరు కదక్కా?"

"నాదే."

"ఎన్నాళ్లనుంచి?"

"రెండు నెలల పైన."

"పదహారో తారీఖున నా దగ్గరున్నదంతా ఊడ్చి కట్టాను. నువ్వు గుమ్మంలో నిలబడ్డావు."

"నిలబడ్డాను" అంది కత్తెరక్క. గొంతు పెరిగింది. "కుళ్లుకున్నానే. చాలా? నా చేత్తో అల్లిన కోటును చూసి మిషన్ బాగుందన్నారు. దారం ఎక్కించడం నేర్పింది నేను, అబ్బ అనిపించుకునేది నువ్వు. నాదంటూ ఒక గది కావాలనుకున్నాను. నిన్ను అడగాలా? నేను కుట్టినదానికి నిన్ను అడగాలా?"

చిన్నది అరుస్తుందనుకున్నాను. అరవలేదు, పీకిన కోడ్‌ను నా బల్ల మీద పెట్టింది. "కుళ్లు నీ ఒక్కదానికే ఉందనుకున్నావా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరూ నీ దగ్గర కూర్చుని కష్టం సుఖం చెప్పుకుంటారు. నవ్వుతారు. నేను ఆ మోతలో కూర్చుని మీ పెదాలు కదలడం చూస్తుంటాను. ఏమన్నారక్కా అంటే, ఏం లేదులే అంటావ్. ఎన్నిసార్లు ఆ మిషన్ తగలబెట్టాలనిపించిందో నీకు తెలుసా? నాకూ మండింది. కానీ నేనేమీ నీ కత్తెర తీసి దాచలేదు కదక్కా."

కత్తెరక్క చెయ్యి మెడ దగ్గరికి పోయింది. అక్కడ ఏమీ లేదు.

ఆ పూటే అరవై మూడు వేలూ షాపు ఖాతాలోకి తిరిగి వచ్చాయి. స్పీకరు డబ్బా వీధంతా వినపడేట్టు ఆ అంకె అరిచింది. వీధి చివరి గదిలో నెల తిరక్కుండా ఎవరో ఫోన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నారు. ఇంట్లో మొగుళ్లకు ఏం తెలిసిందో, ఏం తెలియదో నాకు తెలియదు. ఇద్దరూ మర్నాడు కూడా తలుపు దగ్గరగా వేసి ఎప్పటిలాగే వచ్చారు. పని ఆగదు. మచ్చ పోవాలంటే ఇద్దరూ కలిసే వాయిదా కట్టాలి, వేరే దారి లేదు. ఇప్పుడు ప్రతి నెలా నాలుగో తారీఖు మధ్యాహ్నానికే కత్తెరక్క నా దగ్గరికి వచ్చి, వాయిదా మీద ఇంకో వెయ్యి ఎక్కువుందో లేదో చూపించుకుని వెళుతుంది.

ఇదంతా అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. కోడ్ పీకిన వారానికి చిన్నది ఒక్కతే వచ్చి, "బాబాయ్, షాపు ఖాతా మెసేజ్‌లు నా ఫోనుకు కూడా రావాలి. ఆ కాగితం రాసిపెట్టు" అంది. రాసి ప్రింటు తీశాను. ఇద్దరి సంతకాలూ కావాలి. అది వీధిలోకి చూసి అక్కను పిలిచింది.

కత్తెరక్క వచ్చి స్టూలు మీద కూర్చుంది. విషయం ఏమిటో నేనే చెప్పాను. ఆవిడ తల ఊపింది. అలవాటు కొద్దీ చెయ్యి చాచింది, చిన్నది సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించడానికి. చిన్నది కాగితం ఇవ్వలేదు. తన ముందు పెట్టుకుని, ఒక్కో వరుస కింద వేలు జరుపుకుంటూ, పెదాలు కదుపుతూ, పైనుంచి కిందదాకా మొత్తం చదివింది. ఖాతా నంబరు అంకె అంకె సరిచూసుకుంది. చాలాసేపు పట్టింది. కత్తెరక్క చాచిన చెయ్యి అలాగే బల్ల మీద ఉంది.

చదవడం అయ్యాక చిన్నది సంతకం పెట్టి, కాగితం అటు తిప్పి, ఖాళీ చోటు మీద తన వేలు పెట్టింది.

"ఇక్కడక్కా."

కత్తెరక్క చదవకుండానే ఆ వేలు పక్కన సంతకం పెట్టింది.